డబ్బు దారి వేరు, లైను ఆగే దారి వేరు: మామిడి గుజ్జు ఫ్యాక్టరీ స్టోర్‌లో ఏబీసీ విశ్లేషణ

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతాయి. అందరి కళ్లూ కాయ ధర మీదే ఉంటాయి. ఫ్యాక్టరీ లోపల స్టోర్ కీపర్‌కు మాత్రం వేరే టెన్షన్. వందల రకాల సరుకులు అతని చేతిలో ఉంటాయి. ఖాళీ డ్రమ్ముల దగ్గర్నుంచి తల టోపీల దాకా అన్నింటినీ ఒకే శ్రద్ధతో లెక్కపెట్టాలంటే సీజన్‌లో ఎవరి తరమూ కాదు. దేన్ని గట్టిగా పట్టుకోవాలి, దేన్ని పైపైన చూస్తే సరిపోతుంది అని తేల్చే పద్ధతే ఏబీసీ విశ్లేషణ. 1951లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫోర్డ్ డికీ దీన్ని సరుకు నిల్వలకు అన్వయించి చూపాడు. ఏ సంస్థలోనైనా సరుకుల ఖర్చులో చాలా భాగం కొద్ది రకాల మీదే పోతుందనేది దీని వెనకున్న గమనిక.

పద్ధతి తేలికే. ఒక్కో సరుకు ఏడాదిలో ఎంత వాడతారో దాన్ని ధరతో హెచ్చించాలి. వచ్చిన విలువల్ని పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చి, పైనుంచి కూడుకుంటూ రావాలి. మొత్తంలో సుమారు 80 శాతం వరకు వచ్చేవి ఏ, ఆ తర్వాత 95 శాతం దాకా వచ్చేవి బీ, మిగిలినవి సీ. ఇక్కడ లెక్కకు వచ్చేది వాడకం విలువే. ఒక్కదాని ధర ఎంత, ఇవాళ గోడౌన్‌లో ఎంత సరుకు ఉంది అన్నవి కావు. గుజ్జు తీసే మిషను పల్పర్‌లో బిగించే 14 వేల రూపాయల జల్లెడ చూడటానికి ఖరీదైన వస్తువే, కానీ ఏడాదికి డజను వాడితే అది జాబితాలో అడుగుకే పోతుంది.

పది సరుకుల లెక్క

ఒక మధ్యస్థాయి యూనిట్‌ను ఊహించుకుందాం. సీజన్‌లో 50 రోజులు నడిచి 2,000 టన్నుల తోతాపురి గుజ్జును అసెప్టిక్ పద్ధతిలో, అంటే క్రిములు చేరకుండా నింపుతుంది. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు పడుతుంది కాబట్టి సుమారు 9,300 డ్రమ్ములు కావాలి. కింది ధరలు, పరిమాణాలు లెక్క చూపడానికి అనుకున్నవి. ఎవరి రేట్లు వాళ్లు వేసుకోవచ్చు.

| సరుకు | ఏడాది వాడకం | ధర (రూ.) | విలువ (లక్షల రూ.) | కూడిన శాతం |
|---|---|---|---|---|
| ఇనుప డ్రమ్ములు | 9,300 | 1,800 | 167.4 | 65.3 |
| బాయిలర్ బ్రికెట్లు | 450 టన్నులు | 8,000 | 36.0 | 79.3 |
| చెక్క ప్యాలెట్లు | 2,325 | 700 | 16.3 | 85.7 |
| అసెప్టిక్ బ్యాగులు | 9,400 | 160 | 15.0 | 91.5 |
| జనరేటర్ డీజిల్ | 12,000 లీటర్లు | 95 | 11.4 | 96.0 |
| పాలిథిన్ లైనర్లు | 9,400 | 45 | 4.2 | 97.6 |
| కాస్టిక్ సోడా | 6,000 కిలోలు | 55 | 3.3 | 98.9 |
| పల్పర్ జల్లెడలు | 12 | 14,000 | 1.7 | 99.6 |
| గ్లౌజులు, తల టోపీలు | సీజన్ మొత్తానికి | – | 0.7 | 99.9 |
| ఫిల్లర్ సీల్ కిట్లు | 4 | 9,000 | 0.4 | 100 |

ఎక్సెల్‌లో దీనికి రెండు ఫార్ములాలు చాలు. బీ కాలమ్‌లో పరిమాణం, సీ కాలమ్‌లో ధర యూనిట్ల పేర్లు లేకుండా అంకెల్లోనే వేసి, డీ కాలమ్‌లో విలువ వచ్చాక దాని ప్రకారం పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే, ‘ఈ’ కాలమ్‌ను శాతం ఫార్మాట్‌లో పెట్టినప్పుడు అక్కడ కూడిన శాతం వస్తుంది. గ్లౌజుల వరసకు పరిమాణం, ధర లేవు కాబట్టి దాని విలువ 70,000ను నేరుగా డీ కాలమ్‌లో వేయాలి.

```
D2: =B2*C2
E2: =SUM(D$2:D2)/SUM(D$2:D$11)
```

పదింటిలో రెండు సరుకులే 79 శాతం మింగేశాయి. అసలు స్టోర్‌లో బేరింగులు, బెల్టులు, నట్లు, బోల్టులు కలిపి వందల వరసలు ఉంటాయి. అవన్నీ చేర్చినా పై ఐదింటి స్థానం పెద్దగా కదలదు, సీ తోక మాత్రం పొడుగవుతుంది.

పట్టికలో డీజిల్‌ను ఒకసారి చూడండి. పుస్తకంలో చెప్పిన 95 శాతం గీతను గుడ్డిగా గీస్తే 96 దగ్గర ఆగిన డీజిల్ సీ లోకి జారిపోతుంది. 11 లక్షల రూపాయల డీజిల్‌ను గ్లౌజుల పక్కన కూర్చోబెట్టడం తెలివైన పని కాదు. శాతాలు దారి చూపడానికే తప్ప అవి శాసనాలు కావు. విలువల మధ్య పెద్ద ఖాళీ ఎక్కడ పడిందో అక్కడ గీత గీయాలి. డీజిల్ 11.4 లక్షలు, దాని కిందున్న లైనర్లు 4.2 లక్షలు. ఖాళీ అక్కడే ఉంది కాబట్టి డీజిల్ బీ లోనే ఉండాలి. పై గీత కూడా ఇలాగే పడుతుంది. బ్రికెట్లు 36 లక్షలు, ప్యాలెట్లు 16 లక్షలు. రెండింటి మధ్య సగానికి పైగా తేడా ఉంది.

మామిడికాయ ఈ జాబితాలో లేదేమని అనుమానం రావచ్చు. కావాలనే వదిలేశాం. 2,000 టన్నుల గుజ్జుకు సుమారు 4,000 టన్నుల కాయ కావాలి. కిలో 10 రూపాయలనుకుంటే అదే 4 కోట్లు. దాన్ని చేరిస్తే కాయ, డ్రమ్ములు రెండూ కలిసి 86 శాతం దాటిపోతాయి. బ్రికెట్లతో సహా మిగతావన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. పైగా కాయ స్టోర్‌లో నిల్వ ఉండే సరుకు కాదు. కాటా వేసి దింపుకొన్నాక మాగబెట్టి, రోజుల్లోనే పల్పర్‌లోకి పంపేస్తారు. దాన్ని అదుపు చేసేది కొనుగోలు విభాగం, కాటా, గ్రేడింగు. స్టోర్ లెడ్జర్‌తో దానికి పనిలేదు. నింపిన గుజ్జు డ్రమ్ములదీ ఇదే సంగతి. అవి అమ్మకపు సరుకు, వాటి లెక్క వేరు. రెండు రకాల సరుకుల్ని ఒకే జాబితాలో కలిపితే పెద్దవి చిన్నవాటిని కప్పేస్తాయి.

గట్టిగా పట్టుకోవడం అంటే ఎక్కువ నిల్వ పెట్టడం కాదు

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ‘ఏ’ వర్గం అనగానే ‘ముఖ్యమైనది’ అని అర్థం చేసుకుని, ముఖ్యం కాబట్టి దండిగా కొని పెట్టేస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులు. ‘ఏ’ సరుకుకు నిల్వ తక్కువ, నిఘా ఎక్కువ ఉండాలి. సీ సరుకుకు నిల్వ ధారాళంగా, నిఘా తేలిగ్గా ఉండాలి.

డ్రమ్ములనే తీసుకుందాం. సీజన్‌కు కావలసిన 9,300 డ్రమ్ముల్నీ ముందే దించుకుంటే 1.67 కోట్లు యార్డులో నిలబడిపోతాయి. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే, అన్నింటినీ ఒక్క నెల ముందు తెచ్చిపెట్టినందుకే 1.67 లక్షలు వడ్డీకి పోతాయి. ఎండకు, వానకు తుప్పు పట్టేవి, దించేటప్పుడు సొట్టలు పడేవి దీనికి అదనం.

రోజుకు 186 డ్రమ్ములు నిండుతాయి. ఆర్డరు పెట్టాక లారీ రావడానికి మూడు రోజులు పడుతుందనుకుని, ఆలస్యానికి రెండు రోజుల జాగ్రత్త నిల్వ కలిపితే, యార్డులో 930కి తగ్గగానే కొత్త లోడు అడగాలి. 930 డ్రమ్ముల విలువ 16.7 లక్షలు, అంటే మొత్తం విలువలో పదో వంతు. కాకపోతే ఒక చిక్కుంది. సీజన్‌లో జిల్లాలోని ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి డ్రమ్ములు అడుగుతాయి. మార్చిలో మూడు రోజులకు లారీ పంపిన సప్లయర్ జూన్‌లో వారం చేయొచ్చు. అందుకే మొత్తం సంఖ్యకు సీజన్ ముందే ధర మాట్లాడుకుని, లోడ్లను మాత్రం రోజువారీ షెడ్యూలు ప్రకారం రప్పించుకునే ఒప్పందం కావాలి. లెక్కపెట్టడంతో పాటు ఈ బేరం, ఈ షెడ్యూలు కూడా గట్టి అదుపులో భాగమే. యజమాని లేదా మేనేజరు తానే కూర్చుని మాట్లాడాల్సిన సరుకు ఇది.

చాలా స్టోర్లలో సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను తప్పు చేస్తుంది. దాని తప్పేమీ లేదు, ఏడాది వాడకాన్ని 365తో భాగించమని మనమే చెప్పి ఉంటాం. 9,300ను 365తో భాగిస్తే రోజుకు సుమారు 25.5 వస్తాయి. ఐదు రోజులకు 127. ‘127కు తగ్గితే ఆర్డరు పెట్టు’ అని అది చెబుతుంది. పగలూ రాత్రీ నడిచే సీజన్‌లో 127 డ్రమ్ములు సుమారు 16 గంటలకు సరిపోతాయి. ఆర్డరు పెట్టిన లారీ ఇంకా బయల్దేరకముందే లైను ఆగిపోతుంది. ఏ వర్గంలో పెట్టాలో తేల్చడానికి ఏడాది వాడకం సరిపోతుంది. ఎంత నిల్వ ఉంచాలో తేల్చడానికి మాత్రం సీజన్ రోజుల వాడకమే తీసుకోవాలి. ఈ రెండు అంకెల్ని రెండు వేరువేరు కాలమ్‌లలో ఉంచుకుంటే పొరపాటు జరగదు.

ఇక లెక్కింపు. డ్రమ్ముల్ని రోజూ షిఫ్టు మారేటప్పుడు లెక్కపెట్టాలి, తేడా ఒక్కటి కూడా ఉండకూడదు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి యార్డులో తల లెక్క కంటే మంచి దారి ఒకటుంది. ఒక డ్రమ్ముకు ఒక బ్యాగు, ఒక లైనర్ పోతాయి. కాబట్టి ఇచ్చిన బ్యాగుల్లోంచి పాడైన బ్యాగుల్ని తీసేస్తే నిండిన డ్రమ్ముల సంఖ్య రావాలి. ఆ సంఖ్యను 215తో హెచ్చిస్తే లైను మీద నమోదైన గుజ్జు బరువుకు దగ్గరగా ఉండాలి. మూడు అంకెలూ మూడు వేరువేరు మనుషుల దగ్గర్నుంచి వస్తాయి. ఒక షిఫ్టులో 90 డ్రమ్ములు నిండాయని, బ్యాగులు 97 పోయాయని, పాడైనవి 2 అని రాసి ఉంటే, 5 బ్యాగులకు జవాబు కావాలి. మూత దగ్గర చిరిగిన బ్యాగుల్ని ఆపరేటరు రాయకుండా పక్కన పడేసి ఉండొచ్చు. నిండిన డ్రమ్ములే తక్కువ రాసి ఉండొచ్చు. ఏదైనా ఆ రోజే అడిగితే తేలుతుంది. సీజన్ అయ్యాక అడిగితే ఎవరికీ గుర్తుండదు. బ్యాగు విలువను బట్టి బీ సరుకే అయినా, డ్రమ్ముల లెక్కకు సాక్షి అదే. దీని కోసమే బ్యాగుల్ని కూడా రోజూ లెక్కించడం మేలు.

బాయిలర్‌లో కాల్చే బ్రికెట్లు ఇలా లెక్కకు దొరకవు. కుప్ప కొలత ఎప్పుడూ అంచనాయే. ఇక్కడ టన్ను గుజ్జుకు ఎన్ని కిలోలు కాలాయి అనేదే కొలబద్ద. మన లెక్కలో అది 225 కిలోలు. వారం వారం ఈ అంకె చూస్తూ ఉండాలి. అది 260కి ఎక్కిందంటే మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. తడిసిన సరుకు వచ్చి ఉండొచ్చు, ఆవిరి ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు, లేదా కాటాలో తూగిన లోడు కుప్పకు చేరకపోయి ఉండొచ్చు. తడి బ్రికెట్లు మామూలుగా జరిగే మోసం. నీటిని టన్నుల లెక్కన కొని, దాన్ని ఆవిరి చేయడానికి మళ్లీ బ్రికెట్లే తగలబెడతాం. అందుకే లోడు దిగేటప్పుడే తేమ శాతం చూసి, దాన్ని బట్టి ధర కోసుకునే షరతు ఉండాలి. ఏడాది చివర కుప్పకు, లెడ్జరుకు రెండు మూడు శాతం తేడా ఉంటే పెద్ద విషయం కాదు.

బీ సరుకులకు వారానికోసారి లెక్క చాలు. డీజిల్‌ను మాత్రం విడిగా చూడాలి. అది ఎవరికైనా పనికొచ్చే సరుకు, డబ్బాలో పట్టుకుపోవడం సులభం. విలువను బట్టి బీ అయినా, ట్యాంకులో గేజి రాడ్ పెట్టి రోజూ కొలత తీసుకుని, జనరేటర్ నడిచిన గంటలతో సరిచూడాలి.

చిన్న విలువ, పెద్ద దెబ్బ

పట్టిక అడుగున ఉన్న ఫిల్లర్ సీల్ కిట్టు ఏడాది మొత్తానికి 36 వేలు. ఏబీసీ దృష్టిలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ గుజ్జును బ్యాగుల్లో నింపే అసెప్టిక్ ఫిల్లర్‌లో బ్యాగు మూత తెరుచుకునే చోట ఆవిరితో క్రిములు లేకుండా ఉంచేది ఆ సీల్ ఉన్న భాగమే. సీల్ పోతే రెండు రకాలుగా నష్టం. వెంటనే తెలిస్తే లైను ఆపి, సీల్ మార్చి, మళ్లీ మొత్తం స్టెరిలైజ్ చేయాలి. తెలియకపోతే ఇంకా ఘోరం. వారాల తర్వాత గోడౌన్‌లో బ్యాగులు ఉబ్బి డ్రమ్ము మూతలు పైకి లేస్తాయి.

మన యూనిట్ రోజుకు 80 టన్నుల కాయ తింటుంది. మాగిన తోతాపురి లైను కోసం ఆగదు. స్పేర్ లేక ఒక్క రోజు ఆగితే కిలో 10 రూపాయల చొప్పున 8 లక్షల కాయ ప్రమాదంలో పడుతుంది, గేటు బయట లారీల వరస అలాగే ఉంటుంది. మిషను విదేశీదైతే కిట్టు రావడానికి రోజులు పడుతుంది. అదనంగా రెండు కిట్లు ఎప్పుడూ బీరువాలో ఉంచితే వాటి మీద ఏడాది వడ్డీ 2,160 రూపాయలు.

ఏబీసీ చెప్పేది డబ్బు ఎటు పోతుందో మాత్రమే, లైను ఎక్కడ ఆగుతుందో అది చెప్పదు. దానికి ఆసుపత్రి స్టోర్లలో, స్పేర్ పార్టుల స్టోర్లలో వీఈడీ అనే మరో వర్గీకరణ వాడతారు. లేకపోతే పని ఆగిపోయేవి, కొద్దిసేపు నెట్టుకురాగలిగేవి, ఉంటే మంచిదనిపించేవి అని మూడు వరసలు. ఇది లెక్కతో తేలదు, స్టోర్ కీపర్‌కు ఒక్కడికే తెలిసేదీ కాదు. మెయింటెనెన్స్ వాళ్లను కూర్చోబెట్టి, ‘ఇది రాత్రి రెండు గంటలకు పోతే ఏం చేస్తారు?’ అని ఒక్కో సీ సరుకు గురించీ అడగాలి. ‘చిత్తూరు బజారులో పొద్దున్నే దొరుకుతుంది’ అంటే అది కీలకం కాదు. ‘చెన్నై నుంచి తెప్పించాలి’ అంటే ఆలోచించాలి. ‘కంపెనీకి మెయిల్ పెట్టాలి’ అంటే వెంటనే గుర్తు పెట్టాల్సిందే.

అలాగని సీల్ కిట్టును ‘ఏ’ వర్గంలోకి తోసేయకూడదు. చాలామంది అదే చేస్తారు. ‘ముఖ్యమైనవన్నీ ఏ’ అంటూ కలుపుకుంటూ పోతే, రెండేళ్లలో ‘ఏ’ జాబితా వందకు చేరి, దేన్నీ గట్టిగా చూడలేని పాత స్థితికే వస్తారు. కిట్టుకు రోజువారీ లెక్క అవసరం లేదు. దానికి కావలసింది రెండే: కనీస నిల్వ రెండు, ఒకటి వాడిన రోజే ఇంకోదానికి ఇండెంటు. రబ్బరు సరుకు కాబట్టి తయారీ తేదీ కూడా రాసిపెట్టుకుంటే, పాతబడి గట్టిపడింది బిగించే ప్రమాదం ఉండదు.

కీలకం కాని సీ సరుకులకు రెండు పెట్టెల పద్ధతి చాలు. గ్లౌజులు రెండు అట్టపెట్టెల్లో ఉంటాయి. మొదటిది అయిపోగానే రెండోది తెరిచి, ఖాళీ పెట్టె మీదున్న చీటీని కొనుగోలు వాళ్లకు ఇవ్వడమే. ఎవరికి ఎన్ని జతలు ఇచ్చారో పుస్తకంలో రాయనక్కర్లేదు. 70 వేల సరుకుకు అలా రాయించే మనిషి జీతం దాన్ని మించిపోతుంది. కాస్టిక్ సోడా విలువలో సీ అయినా తాళం వేసిన గదిలో ఉండాలి. అది ఒళ్లు కాల్చే రసాయనం, దాని తాళానికి కారణం డబ్బు కాదు.

జాబితా తప్పితే ఎలా కనిపిస్తుంది

ఏబీసీలో పెద్ద తప్పులు లెక్కలో జరగవు, అందులో పోసే అంకెల్లో జరుగుతాయి. కాస్టిక్ సోడా 50 కిలోల బస్తాల్లో వస్తుంది. బస్తా 2,750 రూపాయలు. లెడ్జరులో వాడకం కిలోల్లో, బిల్లులో ధర బస్తాల్లో ఉండి, రెండింటినీ అలాగే హెచ్చిస్తే 6,000 × 2,750, అంటే 1.65 కోట్లు. 3.3 లక్షల సరుకు ఒక్కసారిగా డ్రమ్ముల పక్కకు వచ్చి నిలబడుతుంది. ఇలాంటిది కంటికి కనబడుతుంది కాబట్టి పర్వాలేదు. పై పది వరసల్లో ఎవరూ ఊహించని సరుకు ఉంటే ముందు యూనిట్ సరిచూడాలి.

దీనికి రివర్సు తప్పు కనబడదు. ఒకే డ్రమ్మును ముగ్గురు సప్లయర్ల పేర్లతో మూడు కోడ్ల కింద రాసుకుంటే 167 లక్షలు మూడు ముక్కలవుతాయి. చిన్న ముక్క బీ లోకి జారి, రోజువారీ లెక్క తప్పించుకుంటుంది. ఒకే బేరింగు ఒకచోట ‘6205’ అని, ఇంకోచోట ‘బేరింగ్ 6205’ అని, మరోచోట కంపెనీ పేరుతో ఉన్నా అంతే. పైగా ఒక పేరు కింద నిల్వ ఉండగానే ఇంకో పేరు కింద కొత్తది కొంటారు. జాబితా తయారుచేసే ముందు పేర్లను కలపడానికి ఒక రోజు పోయినా ఫరవాలేదు.

వర్గాలు కూడా నిలకడగా ఉండవు. తోతాపురి ఒక ఏడు విరగకాస్తుంది, ఇంకో ఏడు మొహం చాటేస్తుంది. నిరుటి వాడకం తీసుకుంటే ఈ ఏటి జాబితా తప్పుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఆర్డర్లు ఖాయమయ్యే కొద్దీ రాబోయే సీజన్ అంచనాతో లెక్క మళ్లీ వేయాలి. గుజ్జును డబ్బాల్లో నింపమని ఒక పెద్ద ఆర్డరు వస్తే, నిరుడు జాబితాలోనే లేని తగరపు డబ్బాలు నేరుగా ఏ లోకి వస్తాయి. మామిడి అయ్యాక జామ, టమాటా గుజ్జు తీసే యూనిట్లలో డ్రమ్ములు, బ్యాగులు అవే ఉన్నా జల్లెడలు మారతాయి, బ్రికెట్ల కొలబద్ద మారుతుంది. అప్పుడు 225 కిలోల అంకెతో పోల్చితే తప్పుడు అనుమానాలు వస్తాయి. అందుకే ఆ సీజన్‌కు విడిగా ఒక షీటు పెట్టుకుని, మొదటి వారం నడిచాక వచ్చిన వాడకంతో దాని కొలబద్దలు సరిచేసుకోవాలి.